అన్వయం మరిచిన ప్రతిపదార్థం

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర, బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఒకటుంది. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించినది. అందులో సంస్కృత, కన్నడ రచనలతో పాటు మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. మనకు దొరికిన తొలి తెలుగు కందాలుగా పండితులు వాటిని చెప్పుకుంటారు. పాత శాసనాల్లో పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. అక్షరాలు ఒకదాని వెంట ఒకటి సాగిపోతాయి. ఎక్కడ ఏ పదం ముగిసిందో, ఏ పదం దేనితో ముడిపడిందో చదివేవాళ్లే తేల్చుకోవాలి. మన బడుల్లో ప్రతిపదార్థం, తాత్పర్యం పేరుతో పిల్లలకు నేర్పవలసిన విద్య అదే. ఆ విద్య ఇప్పుడు పేరుకే మిగిలి, లోపల డొల్ల అవుతోంది.

జరుగుతున్నది ఇది. పిల్లలు గైడులో ఉన్న తాత్పర్యాన్ని ముందు బట్టీ పడుతున్నారు. ఆ తర్వాత పద్యంలోని పదాలను వరుసగా రాసి, ఎదురుగా గైడులోని అర్థాలు దించుతున్నారు. పదాల నుంచి తాత్పర్యానికి వెళ్లవలసిన దారిని తిప్పేసి, తాత్పర్యం నుంచి పదాలకు వస్తున్నారు. పదవిభాగం, అన్వయం అనే రెండు మెట్లూ మధ్యలో మాయమయ్యాయి. మార్కులు వస్తున్నాయి కాబట్టి లోపం ఎవరికీ కనిపించడం లేదు. చూడని పద్యం ముందు పెట్టినప్పుడే అది బయటపడుతుంది.

ఏ కవినీ ఎత్తి రాయకుండా, పద్యాల నడకలో మేమే కట్టిన ఒక చిన్న వాక్యం చూడండి: కఱిమొగిళ్ళఁ గని వెఱచి యేఱు సేరె నతఁడు. ఇప్పటి ముద్రణల్లో చాలా చోట్ల అరసున్ననూ బండి ఱనూ వదిలేస్తున్నారు. అలా అచ్చయితే ఇది ‘కరిమొగిళ్ళ గని వెరచి యేరు సేరె నతడు’ అవుతుంది. బెల్లంపల్లిలోనో గోదావరిఖనిలోనో చదివే పిల్లవాడికి ‘గని’ అంటే ఒక్కటే అర్థం, తండ్రో తాతో బొగ్గు తవ్విన గని. ‘కరి’ అంటే ఏనుగని ముందే నేర్చుకున్నాడు. ‘సేరు’ అంటే కొలత. ‘నతడు’ నిఘంటువులో దొరకదు. ఇక ఆ పిల్లవాడు గైడు తెరవడం తప్ప ఏం చేస్తాడు?

విడదీయడం తెలిసినవాడు ఇంకోలా చూస్తాడు. ‘మొగిళ్ళఁ’ దగ్గర అరసున్న ఉంది. అక్కడ ఒకప్పుడు నకారం, అంటే ద్రుతం ఉందని అది గుర్తు. ద్రుతం తర్వాత వచ్చే క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారతాయి. కాబట్టి ఇక్కడి ‘గని’ నిజానికి ‘కని’, అంటే చూసి. నిఘంటువులో ‘క’ దగ్గర వెతకాలి, ‘గ’ దగ్గర కాదు. ‘సేరె’ కూడా అంతే. ప్రథమా విభక్తి రూపం తర్వాత పరుషాలకు గ, స, డ, ద, వ లు వస్తాయి. ఏఱు అనే మాట కర్మగా ఉన్నా ప్రథమ రూపంలోనే నిలిచింది, అందుకే ‘చేరె’ కాస్తా ‘సేరె’ అయింది. ‘నతఁడు’లోని నకారం ముందున్న క్రియ తోక: చేరెన్, అతఁడు. ‘యేఱు’లోని యకారం రెండు అచ్చుల మధ్య వచ్చిన ఆగమం. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో సూత్రాలుగా చెప్పినవి ఇవే. పరీక్షలో సంధి పేరు రాసి రెండు మార్కులు తెచ్చుకోవడానికి మాత్రమే వీటిని నేర్పుతున్నాం. అసలు ఇవి పద్యం తలుపు తీసే తాళంచెవులు.

‘కఱి’ సంగతి ఇంకా ప్రమాదకరం. కఱి అంటే నలుపు, కరి అంటే ఏనుగు. మబ్బుల్ని ఏనుగులతో పోల్చడం కవులకు అలవాటే కనుక ‘ఏనుగుల్లాంటి మబ్బులు’ అని రాసినా వినడానికి బాగుంటుంది, ఎవరూ అనుమానించరు. అర్థం కాని పదం కంటే, ఇలా తప్పుగా అర్థమై అందంగా కుదిరిపోయే పదం ఎక్కువ చెరుపు చేస్తుంది. మొదటిది మనల్ని ఆపుతుంది. రెండోది ఆపదు. గైడులో ఒకసారి అచ్చయిన ఇలాంటి తప్పు వేల జవాబుల్లోకి దిగిపోతుంది.

పదాలు విడిపోయాక అన్వయం. క్రియను పట్టుకుని ప్రశ్నలు వేయాలి. చేరెన్, ఎవరు? అతఁడు. దేనిని? ఏఱు. ఏం చేసి? వెఱచి. దానికి ముందు? కని. దేనిని? కఱిమొగిళ్ళన్. ఇలా ప్రశ్నలతో అల్లుకుంటూ పోవడాన్ని ఖండాన్వయం అంటారు. కర్త నుంచి క్రియ వరకు వరుసగా పేర్చడం దండాన్వయం. అప్పుడు వచన తాత్పర్యం దానంతటదే వస్తుంది: అతడు నల్లని మబ్బులను చూసి, భయపడి, ఏటిని చేరుకున్నాడు. పద్యం చివర ఉన్న మాట వచనంలో మొదటికి వచ్చింది. ధర్మపురి శేషప్ప నరసింహ శతకంలోనూ ఇదే కనిపిస్తుంది. సంబోధనలతో నిండిన మకుటం పద్యం చివర ఉంటుంది, అన్వయం మాత్రం అక్కడి నుంచే మొదలు పెట్టాలి. గోదావరి ఒడ్డున ఆ మకుటాన్ని కంఠతా పాడే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పినా పద్యం సగం విచ్చుకుంటుంది.

మన పిల్లలకు ఒక బలం కూడా ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇప్పటికీ ‘మొగులైంది’ అంటారు. మొగులు, మొగిలు ఒక్కటే. ఇంట్లో నానమ్మ అనే మాటను బడిలో ‘మేఘము’ అని అర్థం రాయించి, అది తన మాటేనని పిల్లవాడికి తెలియకుండా చేస్తున్నాం.

ప్రతిపదార్థం ఒకే రకంగా కుదరని చోట్లూ ఉన్నాయి. పింగళి సూరన రాఘవపాండవీయంలో పద్యాన్ని రామకథకు ఒకలా, భారతకథకు ఇంకోలా అన్వయించాలి. రెండూ సరైనవే. అయితే అది కవి కావాలని పెట్టిన రెండో దారి. పదాలు విడదీయలేక మనం ఊహించుకున్న అర్థాన్ని దాని చాటున దాచలేం.

తాత్పర్యం నిజమైనదో అరువు తెచ్చుకున్నదో పట్టుకోవడానికి ఒక కొలత మెదక్ నేల మీదే పుట్టింది. కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, అన్వయం ద్వారానే వివరిస్తానని, మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. విద్యార్థి జవాబును అలాగే చూడాలి. పద్యంలోని ఏ అక్షరమైనా లెక్కకు రాకుండా మిగిలిందా? ఏ పదమూ ఇవ్వని విషయం తాత్పర్యంలోకి వచ్చిందా? రెండింటిలో ఏది జరిగినా ఆ తాత్పర్యం వేరే చోటి నుంచి వచ్చిందే.

అందుకే పాఠ్యపుస్తకాలు ప్రాచీన పద్యాలనైనా అరసున్న, బండి ఱలతో అచ్చు వేయాలి. ప్రశ్నపత్రంలో పాఠంలోని పద్యానికి బదులు చూడని పద్యం ఇవ్వాలి. దానికి పదవిభాగం, అన్వయక్రమం, తాత్పర్యం వేర్వేరుగా రాయించి వేర్వేరుగా మార్కులు వేయాలి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం లాంటి నిఘంటువు ప్రతి ఉన్నత పాఠశాలలో పిల్లల చేతికి అందే చోట ఉండాలి. పాత పద్ధతిలో విడదీసి చదవడం తెలిసిన ఉపాధ్యాయులు కొలువులో ఉండగానే ఈ పని మొదలు కావాలి. వాళ్లు విరమణ పొందాక ఎంత మంచి ప్రశ్నపత్రం తయారు చేసినా, దాన్ని దిద్దగలవాళ్లు మిగలరు.