‘జ్వరం ఎంత ఉందమ్మా?’ అని అడిగితే సరిపోదు

ఊళ్లో ఉన్న అమ్మకో నాన్నకో ఫ్లూ వచ్చిందని తెలియగానే విదేశాల్లోని పిల్లలు మొదట అడిగేది జ్వరం గురించే. 99 డిగ్రీలే అని జవాబు వస్తే మనసు కుదుటపడుతుంది. దూరం నుంచి కనిపెట్టుకునేవాళ్లకు ఇంతకంటే మోసపుచ్చే అంకె మరొకటి లేదని నా అభిప్రాయం. వయసు మీదపడ్డాక వైరస్ మీద శరీరం చేసే పోరాటం మందగిస్తుంది. న్యుమోనియా మొదలైనా ఒళ్లు పెద్దగా కాలకపోవచ్చు. పారాసెటమాల్ వేసుకున్న గంటకు చూస్తే ఆ కాస్త వేడి కూడా కనిపించదు.

జ్వరం కంటే ముందు చూడాల్సింది శ్వాస. కదలకుండా ఉన్నప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి సాధారణంగా 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఊపిరితిత్తులు దెబ్బతినడం మొదలైతే శరీరం ముందుగా ఈ వేగాన్ని పెంచుకుని ఆక్సిజన్‌ను నిలబెట్టుకుంటుంది. అందుకే ఆక్సీమీటర్ ఇంకా 95 చూపిస్తుండగానే శ్వాస 26కు చేరి ఉండవచ్చు. బ్రిటన్ ఆసుపత్రుల్లో వాడే న్యూస్-2 పట్టికలో 25, ఆపైన ఉంటే ఆ ఒక్క అంశానికే గరిష్ఠంగా 3 మార్కులు వేస్తారు.

దీన్ని ఫోన్‌లోనే లెక్కపెట్టవచ్చు. వీడియో కాల్‌లో ఛాతీ, పొట్ట కనిపించేలా ఫోన్‌ను పక్కన నిలబెట్టమనండి. ఆమెతో మాట్లాడకుండా, లెక్కపెడుతున్నామని చెప్పకుండా పూర్తి నిమిషం చూడండి. చెబితే తెలియకుండానే శ్వాస తీరు మారిపోతుంది. ఆక్సీమీటర్ పెట్టే ముందు చేతులు వెచ్చగా రుద్దుకోవాలి, ఆ వేలికి గోరింటాకు గానీ నెయిల్ పాలిష్ గానీ ఉండకూడదు. అంకె నిలకడగా ఉండేదాకా ఆగి చదవాలి. పొద్దున, రాత్రి ఒకే వేళకు రాసుకున్న అంకెల వరుస ఒక్కసారి చూసిన అంకె కంటే ఎక్కువ చెబుతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. తెనాలిలో ఒంటరిగా ఉండే 76 ఏళ్ల తల్లి, న్యూజెర్సీలో కొడుకు. జనవరిలో సోమవారం రాత్రి 9 గంటలకు ఆమెకు వణుకు, ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. కొడుకు ఆఫీసులో ఉంటాడని ఆమె ఫోన్ చెయ్యలేదు. మంగళవారం పొద్దున 7కు, అంటే అక్కడ సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకు, చెప్పేసరికి 10 గంటలు గడిచిపోయాయి. ‘రేపు చూద్దాంలే’ అంటే మళ్లీ మాట్లాడేసరికి 34 గంటలు. ఈ లెక్క ఎందుకంటే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఇంత వయసువాళ్ల విషయంలో డాక్టరు పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే దాన్ని మొదలుపెట్టవచ్చు. వేళ దాటినా అవసరమనిపిస్తే ఇస్తారు. కిడ్నీలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి కాబట్టి చివరి క్రియాటినిన్ రిపోర్టు ఫొటో, రోజూ వాడే మందుల జాబితా కొడుకు ఫోన్‌లో ఉండాలి. మన దేశంలో 2020లో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి తరఫున సంరక్షకులు కూడా డాక్టరుతో మాట్లాడవచ్చు.

ఇక్కడ ఒక మాట. దగ్గర్లో ఉన్నాడు కదా అని ఆర్‌ఎంపీని పిలిచి సెలైన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పెట్టించడం మన ఊళ్లలో మామూలే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఇంజెక్షన్ పడిందన్న ధైర్యంతో ఆ 48 గంటలు కరిగిపోతాయి.

డబ్బు పంపగలిగినా విదేశం నుంచి 108కి ఫోన్ చెయ్యలేం, ఆ నంబరు అక్కడి నుంచి కలవదు. కింద వాటాలో ఉండే ఆవిడతోనో, వీధిలోని బంధువుతోనో ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. ‘పిన్నిగారూ, శ్వాస 25 దాటినా, ఆక్సిజన్ 92 కంటే తగ్గినా, అమ్మ పొంతన లేకుండా మాట్లాడినా నన్ను అడక్కుండా 108కి చెయ్యండి, ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్లండి’ అని స్పష్టంగా చెప్పి ఉంచాలి. కొడుకు ఫోన్ ఎత్తేదాకా ఆగడంలోనే చాలాసార్లు రాత్రి గడిచిపోతుంది. ముందునుంచీ ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఆక్సిజన్ హద్దు ఎంతో వాళ్ల డాక్టర్నే అడగాలి.

పొంతన లేని మాటను పసిగట్టడంలో మాత్రం పొరుగావిడ కంటే పిల్లలకే పట్టు ఎక్కువ. పొద్దున ఏం తిన్నావు, ఇవాళ ఏ వారం, మాత్ర ఎవరిచ్చారు అని అడిగితే గొంతులో తేడా తెలిసిపోతుంది. మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లిందో కూడా అడగండి. ‘రాత్రి నుంచి ఒక్కసారే’ అంటే నీళ్లు తగ్గినట్టే. అలాంటప్పుడు బీపీ మాత్ర, ముఖ్యంగా నీరు తగ్గించే మాత్ర, మామూలుగా వేసుకోవాలో ఆపాలో డాక్టర్ని అడగాలి.

నాలుగో రోజు తేరుకుని మజ్జిగన్నం తిన్నాక కాల్స్ ఆపేస్తారు. ఆరో రోజు మళ్లీ జ్వరం, ముదురు రంగు కఫం, ఆయాసం వస్తే అది ఫ్లూ తిరగబెట్టడం కాకపోవచ్చు, దాని వెనకాల వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా కావచ్చు. అప్పుడు యాంటీబయాటిక్ నిజంగా అవసరమవుతుంది. అందుకే శ్వాస లెక్క పదో రోజు దాకా సాగాలి.