ముద్దలోని జిగురు

పూరీలకని కలిపిన పిండిలోంచి చిన్న ఉండ తీసి, గిన్నెడు చన్నీళ్లలో పిసికి చూడండి. మైదా అయితే మరీ బాగా తెలుస్తుంది. నీళ్లు పాలలా తెల్లబడతాయి. అవి పారబోసి మళ్లీ పోసి పిసికితే ఇంకాస్త తెలుపు దిగుతుంది. ఇలా చాలాసార్లు చేశాక నీళ్లు తేటపడతాయి. చేతిలో మిగిలేది నమిలిన చూయింగ్ గమ్‌లా సాగే చిన్న ముద్ద. నీళ్లతో పోయింది పిండిపదార్థం, చేతికి అంటుకుని ఉన్నది గ్లూటెన్. ఇటలీలోని బొలొన్యా నగరంలో బెక్కారి అనే పండితుడు 18వ శతాబ్దంలో గోధుమపిండిని ఇలా కడిగే దాన్ని విడదీశాడు.

గ్లూటెన్ ఒక మాంసకృత్తు. కచ్చితంగా చెప్పాలంటే రెండు రకాల మాంసకృత్తుల అల్లిక. పొడిపిండిలో గ్లయడిన్, గ్లూటెనిన్ దేని దారిన అవి ఉంటాయి. నీళ్లు తగిలి, చేయి పడ్డాక ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. మొదటిది సాగే గుణం ఇస్తే, రెండోది సాగినదాన్ని వెనక్కి లాగే బిగువు ఇస్తుంది. చపాతీ పల్చగా సాగడానికీ, బ్రెడ్డు గాలిని పట్టుకుని పొంగడానికీ ఆ వలే ఆధారం.

అదే చెయ్యి జొన్నపిండి మీద వేస్తే ఆ వల అల్లుకోదు. అందుకే జొన్నరొట్టెకు మరిగే నీళ్లు పోసి కలుపుతారు. వేడికి పిండి కాస్త ఉడికి, ఆ ఉడుకుతో వచ్చిన జిగటే ముద్దను నిలబెడుతుంది. అయినా కర్రతో వత్తబోతే అంచులు పగులుతాయి, అరచేత్తో తట్టాల్సిందే. తెలంగాణ వంటింట్లో వినిపించే ఆ తట్టుడు చప్పుడంతా గ్లూటెన్ లేని లోటు పూడ్చుకునే నేర్పు. జొన్నలే కాదు, బియ్యం, రాగులు, సజ్జలు, మొక్కజొన్న, కొర్రలు, సామలు, పప్పులు, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. గోధుమలో, బార్లీలో, రైలో ఉంది. ఓట్స్‌లోని మాంసకృత్తు వేరు, చాలామందికి పడుతుంది. కాకపోతే పొలంలోనో మిల్లులోనో వాటిలో గోధుమ కలిసిపోవడం మామూలు.

పేర్లు మనల్ని తప్పుదారి పట్టించేది ఇక్కడే. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఉప్మా రవ్వ గోధుమది. సేమ్యా, మైదా గోధుమ బిడ్డలే. డబ్బాలో వచ్చే ఇంగువలో తరచుగా గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. వేడి చేసిందని పెద్దలు కాచి ఇచ్చే బార్లీ నీళ్లనూ ఈ లెక్కలో వేయాలి.

ఇంత మంచి జిగురు కొందరికి శత్రువు ఎలా అవుతుంది? నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విలెం కారెల్ డికె ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి కూర్చున్నాడు. విరేచనాలతో, ఉబ్బిన పొట్టతో, ఎండిన కాళ్లతో కృశించే పిల్లలకు రొట్టె పడటం లేదేమోనని ఆయనకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందే అనుమానం. 1944-45 చలికాలంలో ఆ దేశంలో తిండి కరువై, రొట్టె దొరకని రోజులు ఆ అనుమానానికి బలమిచ్చాయి. ఊరంతా ఆకలితో ఉంటే ఆ పిల్లలు తేరుకున్నారు. గోధుమ మానిస్తే తగ్గడం, మళ్లీ పెడితే తిరగబెట్టడం కొలిచి చూపుతూ ఆయన 1950లో పరిశోధన గ్రంథం సమర్పించాడు.

ఆ జబ్బే సీలియాక్. కొన్ని జన్యువులు ఉన్నవారిలో, గ్లూటెన్ ముక్కలను చూసిన రోగనిరోధక వ్యవస్థ తన పేగు మీదే తిరగబడుతుంది. చిన్నపేగు లోపల మఖమల్ నూగులా ఉండే ఆంత్రచూషకాలు అరిగి చదునైపోతాయి. ఆహారాన్ని పీల్చుకునేది ఆ నూగే. ఈ నష్టం జరగడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది, పైకి కనిపించేది ఒక్కోసారి కడుపునొప్పి కూడా కాదు. ఒక అమ్మాయి సంగతి అనుకుందాం. హిమోగ్లోబిన్ ఎనిమిది దాటదు. ఐరన్ మాత్రలు మింగినన్నాళ్లు కాస్త పెరిగినట్టే పెరిగి మళ్లీ దిగుతుంది. ఐరన్ ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో, సీలియాక్ ఎక్కువగా దెబ్బకొట్టేదీ అక్కడే. మాత్రలది తప్పు కాదు, వాటిని అందుకునే చోటే లేకుండా పోయింది. గోధుమ ఎక్కువ తినే ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఈ జబ్బు తక్కువ. కనుక మన దగ్గర అటువైపు ఆలోచన పోవడానికే ఆలస్యమవుతుంది.

తేలాక మందు ఒక్కటే, జీవితాంతం గ్లూటెన్ మానడం. ‘కొంచెమే కదా’ అన్న మాట అక్కడ చెల్లదు. ఒక పుల్కాలో రెండు మూడు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజూ యాభై మిల్లీగ్రాములు, అంటే ఆ పుల్కాలో యాభయ్యో వంతు చిటికెడు చాలు, కొన్ని నెలల్లో పేగును మళ్లీ గాయపరచడానికి.

గోధుమ అలర్జీ తీరు వేరు. ఇందులో శరీరం గోధుమ మాంసకృత్తుల మీద ఐజీఈ అనే ప్రతిదేహకాలను సిద్ధం చేసుకుని ఉంటుంది. తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, పిల్లికూతలు వస్తాయి. ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు. కొందరికి గోధుమ తిన్నా ఏమీ కాదు, తిని పరుగెత్తితేనే వస్తుంది. పేగు నూగు మాత్రం అరగదు. చాలామంది పిల్లల్లో వయసుతో పాటు ఇది పోతుంది కూడా. పైగా ఈ అలర్జీకి గ్లూటెన్ ఒక్కటే కారణం కానక్కర్లేదు, గోధుమలోని ఇతర మాంసకృత్తులూ కావచ్చు.

అందుకే పొట్లం మీది రెండు మాటలు ఒకటి కావు. ‘గోధుమ లేదు’ అన్న బిస్కెట్‌లో బార్లీ మాల్ట్ ఉంటే సీలియాక్ ఉన్నవారికి అది పనికిరాదు. ‘గ్లూటెన్ ఫ్రీ’ అంటే కిలోకు ఇరవై మిల్లీగ్రాములు మించకూడదని లెక్క. గ్లూటెన్ కడిగేసిన గోధుమ స్టార్చ్‌తో చేసినదానికీ కొన్ని దేశాల్లో ఆ ముద్ర పడుతుంది. అది సీలియాక్‌కు సరిపోయినా, అలర్జీ ఉన్నవారికి ప్రమాదమే. మొదట్లో మనం పిసికి పారబోసిన ఆ తెల్లనీళ్లలోనూ అలర్జీకి కావలసినంత గోధుమ ఉంది.

మన ఇళ్లలో అనుమానం రాగానే చేసే పని ఒకటుంది. ‘ఓ నెల మానేసి చూద్దాం’ అంటాం. ఆ అమ్మాయీ అలాగే ఆరు నెలలు మానేసి తర్వాత రక్తపరీక్షకు వెళితే, ప్రతిదేహకాలు అప్పటికే తగ్గిపోయి ఫలితం ‘ఏమీ లేదు’ అని రావచ్చు. పేగు ముక్క తీసి చూసినా నూగు మళ్లీ మొలిచి ఉండవచ్చు. జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఆమె మళ్లీ వారాల పాటు గోధుమ తినాలి. అలర్జీ అనుమానంలో చేసే పొరపాటు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. ‘ఓ ముక్క పెట్టి చూద్దాం, నిజంగానే వస్తుందేమో’ అంటాం. ఆ ముక్క పెట్టవలసింది, ఇంజెక్షన్ సిద్ధంగా ఉంచుకున్న వైద్యుడి ఎదుట మాత్రమే.

సీలియాక్ అనుమానమైతే పరీక్ష అయ్యేదాకా కంచంలో పుల్కా ఉండాలి. అలర్జీ అనుమానమైతే పరీక్ష కాకముందే అది కంచం దిగాలి. రెండింటిలో ఏదో తెలియాలంటే మొదట అడగాల్సింది ఒక్కటే: తిన్న ఎంతసేపటికి?