ఒక్క రీడింగ్ సరిపోదు

పోయిన డిసెంబర్‌లో మా బ్యాచ్ అరకు ప్లాన్ వేసింది. వైజాగ్ నుంచి ఆరు బళ్ళు, పదకొండు మంది. రెండ్రోజుల ముందు గ్రూప్‌లో ఒక మెసేజ్ వచ్చింది: టైర్లు చెక్ చేసుకోండి, బ్రేకులు చెక్ చేసుకోండి, చెయిన్ లూబ్ చేయించుకోండి. అందరం థంబ్స్అప్ పెట్టేశాం, నేను కూడా. నా బండి 110 సీసీ స్కూటర్. దానికి అసలు చెయినే లేదు. పెట్టిన థంబ్స్అప్ వెనక్కి తీసుకోలేదు, ఎవరూ అడగలేదు కూడా.

నా గొడవ ఇక్కడే. మనం "చెక్ చేశా" అన్నప్పుడు నిజంగా చేసేది ఏంటంటే, బయల్దేరే రోజు పొద్దున టైర్‌ని కాలితో ఒక తన్ను తన్నడం, బ్రేక్ రెండుసార్లు నొక్కడం, బంకులో గాలి కొట్టించడం. ఇది చెకింగ్ కాదని నా అభిప్రాయం. బండి ఈ నిమిషంలో ఎలా ఉందో ఒక్కసారి చూస్తే సగమే తెలుస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందన్నది మిగతా సగం. దానికి రెండు రీడింగులు కావాలి, మధ్యలో ఒక రాత్రి కావాలి. పైగా ఆ రాత్రి బయల్దేరే ముందు రాత్రి కాకూడదు, ఎందుకంటే తెల్లవారుజామున అయిదింటికి ఏ పంచర్ షాపూ తెరిచి ఉండదు.

ఆదివారం ప్రయాణం. శుక్రవారం రాత్రి బండిని డబుల్ స్టాండ్ వేసి ప్రెషర్ గేజ్ పెట్టాను. పెన్ను సైజులో ఉండే ఈ గేజ్ మా మావయ్య ఇచ్చారు. నా స్కూటర్ మాన్యువల్ ప్రకారం ముందు టైర్‌కి 22 పీఎస్ఐ, వెనక టైర్‌కి ఒక్కరే అయితే 29, వెనక ఇంకొకరు కూర్చుంటే 36. గమనించండి, మనిషి ఎక్కినప్పుడు మారేది వెనక నంబర్ ఒక్కటే. బంకులో కుర్రాడు మాత్రం రెండిటికీ ఒకే నంబర్ పెట్టేసి కొట్టేస్తాడు. మనం కూడా "కొంచెం ఎక్కువే కొట్టు అన్నా" అంటాం. ముందు టైర్ 35 ఉంటే రాయిలా గట్టిగా ఉంటుంది కానీ రోడ్డుని సరిగా పట్టుకోదు, గతుకుల్లో ఎగురుతుంది, సడన్ బ్రేక్‌కి జారుతుంది. 22 ఉన్న టైర్ చేతికి మెత్తగా అనిపిస్తుంది, ఉండాల్సింది అంతే.

ఆ నంబర్లన్నీ చల్లగా ఉన్న టైర్‌కి. అంటే బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక. హాస్టల్ నుంచి బంకు అయిదు కిలోమీటర్లయితే, అక్కడికి వెళ్ళేసరికి టైర్ వేడెక్కి లోపలి గాలి రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. మీటర్‌లో 36 చూసి సంతోషంగా బయల్దేరతాం, నిజానికి ఉన్నది 33. అందుకే ఇంటి దగ్గర గేజ్ ఉండాలంటాను.

నా వెనక టైర్ శుక్రవారం రాత్రి 31 చూపించింది. ఫుట్ పంపుతో 36కి తెచ్చాను. శనివారం పొద్దున ఆరింటికి చూస్తే 32. నాలుగు తగ్గింది. రాత్రి చలికి కొంత తగ్గడం మామూలే. పది డిగ్రీలు చల్లబడితే ఈ ప్రెషర్ దగ్గర సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పోతుంది. వైజాగ్‌లో ఆ రాత్రికి ఆరేడు డిగ్రీలు తగ్గి ఉంటుంది, అంటే ఒక పాయింట్. గేజ్ పెట్టి తీసినప్పుడల్లా "తుస్" మని కొంచెం పోతుంది, స్కూటర్ టైర్ చిన్నది కాబట్టి దానికి అర పాయింట్ వేసుకుందాం. ఇంకా రెండున్నర లెక్క తేలలేదు. అంటే ఎక్కడో లీక్ ఉంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. శుక్రవారం ఒక్కసారే చూసి ఉంటే, గాలి తగ్గింది కొట్టేశాను, అయిపోయింది అనుకునేవాణ్ణి. ఆదివారం పొద్దున ఒక్కసారే చూసినా అదే అనుకునేవాణ్ణి. లీక్ ఏ ఒక్క రీడింగ్‌లోనూ కనిపించదు, రెండిటి తేడాలో కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కి చూస్తే 36కీ 32కీ తేడా నాకైతే తెలియలేదు. మా రూమ్మేట్ కూడా నొక్కి చూసి "రాయిలా ఉంది రా" అన్నాడు.

టైర్ చుట్టూ మేకు కోసం వెతికాను, లేదు. సబ్బు నీళ్ళు చేసి ముందు టైర్ అంచుల మీద, తర్వాత వాల్వు నోట్లో పోశాను. వాల్వు నోట్లోంచి చిన్న బుడగ మెల్లగా ఉబ్బింది. లోపలి పిన్ను వదులైంది. పంచర్ షాపు అన్న చిన్న టూల్ పెట్టి పిన్ను తీసి చూపించాడు, రబ్బర్ సీల్ అరిగిపోయింది. కొత్త పిన్ను వేశాడు. వాల్వు కాడని ఒక పక్కకి వంచి మొదట్లో పగుళ్ళున్నాయేమో కూడా చూశాడు. ఇది నాకు కొత్త విషయం. కాడ పగిలితే పిన్ను మార్చినా లాభం లేదు, కాడే మార్చాలి. శనివారం రాత్రి 36, ఆదివారం పొద్దున 35. సరిపోయింది.

ఇక బ్రేకులు. నా బండికి రెండు వైపులా డ్రమ్ బ్రేకులే. లివర్‌ని మెల్లగా లాగితే మొదట ఏ పట్టూ లేకుండా వదులుగా వస్తుంది. ఆ వదులునే ఫ్రీ ప్లే అంటారు. లివర్ కొస దగ్గర స్కేల్ పెట్టి కొలవాలి. నా మాన్యువల్‌లో 10 నుంచి 20 మిల్లీమీటర్లు అని ఉంది. ముందుది 15 వచ్చింది. వెనకది 35. రోజూ నడుపుతున్నా నాకు తెలియలేదు. రోజుకి కొంచెం కొంచెం వదులైతే చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది.

కాలేజీకీ ఇంటికీ మధ్య 35 ఉన్నా పెద్దగా ఏమీ కాదు. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు అవుతుంది. గేర్ల బండి అయితే సెకండ్ గేర్‌లో వేస్తే ఇంజనే బండిని ఆపుతూ ఉంటుంది. స్కూటర్‌లో ఆ సాయం తక్కువ, బాగా స్లో అయితే క్లచ్ విడిపోయి అది కూడా పోతుంది. కాబట్టి మొత్తం భారం బ్రేకుల మీదే. వరసగా నొక్కుతూ దిగితే డ్రమ్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి షూలకి దూరంగా జరుగుతుంది. అంటే షూలు దాన్ని అందుకోవడానికి లివర్ ఇంకా లోపలికి రావాలి. ఇంటి దగ్గరే 35 వదులుంటే, ఘాట్ మధ్యలో వెనక మనిషితో లివర్ హ్యాండిల్‌కి ఆనేసి, ఇంకా లాగడానికి చోటు ఉండదు.

వెనక చక్రం దగ్గర ఉన్న నట్టుని తిప్పి బిగించాలి. అది సగం చుట్టు తిరిగినప్పుడల్లా గాడిలో కూర్చుంటుంది, మధ్యలో వదిలేయకూడదు. మూడు సగం చుట్లకి 20కి వచ్చింది. ఇంజన్ ఆఫ్‌లో డబుల్ స్టాండ్ మీద చక్రం చేత్తో తిప్పాను, ఎక్కడా రాసుకోకుండా తిరిగింది. రాసుకుంటుంటే ఎక్కువ బిగించామని అర్థం. అప్పుడు బండి నడుస్తున్నంతసేపూ బ్రేక్ పట్టే ఉంటుంది, డ్రమ్ వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది.

బిగించాక అక్కడితో ఆగిపోయేవాణ్ణే. మావయ్యకి ఫోన్ చేస్తే "ఒరే, బాణం గుర్తు చూశావా?" అన్నారు. డ్రమ్ మీద బ్రేక్ ఆర్మ్ దగ్గర చిన్న బాణం ఉంటుంది, దాని ఎదురుగా ఇంకో గుర్తు ఉంటుంది. లివర్ గట్టిగా పట్టుకుంటే బాణం జరుగుతుంది. రెండూ ఎదురెదురుగా వచ్చేస్తే షూలు అయిపోయినట్టే, ఇక ఎంత బిగించినా అబద్ధం బిగింపే. నాది గుర్తుకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే విప్పి, కొత్త షూలు వేశాడు. నట్టు మళ్ళీ వెనక్కి తిప్పి మొదటి నుంచి సెట్ చేయాల్సి వచ్చింది.

ఆయిల్ గురించి తొందరగా చెప్పేస్తాను. సమతలం మీద డబుల్ స్టాండ్ వేసి, ఇంజన్ మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీసి చూడాలి. నా బండిలో పెట్టినప్పుడు మరలు బిగించకూడదు, ఊరికే ఆనించాలి. ఇది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోండి. నాది కింది గీతకి కొంచెం పైన ఉంది. ఇక్కడ కూడా ఒక్క రీడింగ్ ఏమీ చెప్పదు. సర్వీసు అయ్యాక రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు తిరిగాక ఇలా ఉంటే మామూలే. అయిదొందలకే ఇలా ఉంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందో, కారుతోందో చూడాలి. అందుకే సర్వీసు తేదీ, కిలోమీటర్లు రాసిపెట్టుకోవాలి. నేను ఇంతకుముందు రాయలేదు, బిల్లు వెతికి లెక్కేశాను. కొంచెం కొంచెంగా పోసి పై గీతకి కిందే ఆపాను, గీత దాటితే కూడా మంచిది కాదు.

మా రూమ్మేట్‌ది 150 సీసీ బైక్. నా స్కూటర్ ఆయిల్ కొంచెం మిగిలితే "ఇటు పోసెయ్ రా" అన్నాడు. పోయనివ్వలేదు. డబ్బా మీద ఎంఏ, ఎంబీ అని ఉంటుంది. బైకుల్లో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి దానికి ఎంఏ కావాలి. స్కూటర్ క్లచ్ పొడిగా ఉంటుంది, అందుకే ఎంబీ. ఎంబీలో జారుడు గుణం ఎక్కువ, బైక్‌లో పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. వాడికి గ్రూప్‌లో చెప్పిన చెయిన్ మాత్రం నిజంగా ఉంది, అది ఎండిపోయి తుప్పు పట్టి ఉంది. నా స్కూటర్‌లో చెయిన్ పని బెల్ట్ చేస్తుంది, అది కవర్ లోపల ఉంటుంది. మనం బయట నుంచి చూసి ఏమీ చెప్పలేం, కిలోమీటర్ల లెక్క ప్రకారం మెకానిక్‌తో విప్పించి చూపించుకోవడమే.

"ఇన్నాళ్ళూ ఇవేవీ చూడకుండానే తిరిగాం కదా, ఏమైంది?" అని మా వాళ్ళు అడిగారు. ఏమీ కాలేదు, నిజమే. కానీ ఇన్నాళ్ళూ తిరిగింది బీచ్ రోడ్డు. 35 మిల్లీమీటర్ల వదులు అక్కడ బయటపడదు.

ఆదివారం సాయంత్రం ఘాట్ దిగుతూ సగంలో ఒకచోట ఆగాం. వెనక లివర్ పొద్దునకంటే కొంచెం లోపలికి వచ్చింది, కొత్త షూలతో కూడా. డ్రమ్ దగ్గర చెయ్యి పెడితే ముట్టుకోకుండానే వేడి తెలిసింది. ఇరవై నిమిషాలు కూర్చుని టీ తాగాం. లేచేసరికి లివర్ మళ్ళీ పొద్దున ఉన్నంత దగ్గర పట్టింది. గ్రూప్‌లో ఆ పాత మెసేజ్ ఇప్పటికీ పిన్ చేసే ఉంది. చెయిన్ లూబ్ పక్కన "స్కూటర్లకి కాదు" అని నేను రిప్లై పెట్టాను, దానికి ఏడు థంబ్స్అప్‌లు వచ్చాయి. వాటిలో ఎన్ని నిజమో తెలీదు.