‘ఖల్లివెల్లి’ని ఇంగ్లీషులో ఏమని రాస్తున్నారు?
గల్ఫ్ మెయిళ్లకు ఒక మాటల పట్టిక కావాలి

ధర్మపురి, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో మనిషి సౌదీకి వెళ్లినా, కువైట్‌కు వెళ్లినా ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు. ఇంట్లో ఆ మాటతో ఇబ్బంది లేదు. కానీ రియాద్ ఎంబసీకి వెళ్లాల్సిన విజ్ఞప్తి ఆ మాట పట్టుకుని దుబాయ్ కాన్సులేట్‌కు వెళ్తే పని అక్కడే ఆగుతుంది.

‘ఖల్లివెల్లి’ సంగతి ఇంకా చిక్కు. కఫీల్‌ను వదిలి బయట పని చేసుకుంటున్నవాడూ, కఫీల్ హురూబ్ పెట్టినవాడూ, ఇఖామా గడువు తీరినవాడూ ఊరి లెక్కలో ఖల్లివెల్లే. సౌదీలో చిక్కుకున్న ఒక కార్మికుడి కోసం మెయిళ్లు వెళ్తున్నాయనుకోండి. మొదటిది రాసిన బంధువు ‘మిస్సింగ్’ అన్నాడు. అది చదివిన అధికారి ఆచూకీ తెలియని మనిషి కేసనుకుంటాడు. రెండోది రాసిన సంఘం కార్యకర్త ‘అబ్‌స్కాండింగ్’ అన్నాడు. అంటే పని వదిలి పారిపోయినవాడని. అసలు జరిగింది కఫీల్ ఇఖామా రెన్యువల్ చేయించకపోవడం. ఆ బాధ్యత సౌదీలో యజమానిది. తప్పు యజమానిదైతే, మనవాళ్లే కార్మికుడి మీద నేరం రాసిపెట్టారు!

‘క్షమాభిక్ష’ కూడా ఇలాంటిదే. 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 వరకు యూఏఈ ఇచ్చింది వీసా గడువు మీరినవాళ్లకు జరిమానా మాఫీ. 2005లో నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో దుబాయ్ జైలుకు వెళ్లి, 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరిన సిరిసిల్ల జిల్లా కార్మికుల విషయంలో అడిగింది వేరు: మృతుడి కుటుంబం క్షమాపణ పత్రం, ఆపైన శిక్ష తగ్గింపు. తెలుగు పేపర్లో అన్నిటికీ ఒకే మాట సరిపోతుంది. అక్కడి ఆఫీసుల్లో మాత్రం ఒక్కోదానికి ఒక్కో అర్జీ.

అందుకే ప్రతి గల్ఫ్ సంఘమూ ఒక ఎక్సెల్ షీటు పెట్టుకోవాలి. ఇంటి మాట, దాన్ని ఏ స్థితికి వాడాలి, రాయాల్సిన ఇంగ్లీషు మాట, అరబీ మాట, రాయకూడని మాట, ఖరారైన తేదీ: ఇవే గడులు. ఖల్లివెల్లికి ఒక వరుస చాలదు, మూడు కావాలి. ఇఖామా, కఫీల్ అనే మాటలను అనువదించకుండా అలాగే ఉంచాలి. మనిషి పేరు పాస్‌పోర్టులోని స్పెల్లింగ్‌తోనే, పక్కన ఇఖామా నంబరుతో రాయాలి.

షీటు చూసే హక్కు అందరికీ, మార్చే హక్కు ఒక్కరికే. నలుగురూ దిద్దితే నెలకే నాలుగు షీట్లవుతాయి. మాట మారిస్తే పాత మెయిళ్లు నడుస్తున్న కేసులో ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పాలి. లేకుంటే అవతలివారు కొత్త ఫిర్యాదు అనుకుంటారు. పంపిన మెయిళ్లలో అప్పుడప్పుడు ‘మిస్సింగ్’ అని వెతికి చూస్తే, షీటు ఎవరు తెరవడం లేదో బయటపడుతుంది.

అయితే కార్మికుడు ఏ స్థితిలో ఉన్నాడో షీటు చెప్పదు. హురూబ్ పడిందో లేదో అతణ్నే అబ్షిర్‌లో చూసి చెప్పమనాలి. ఆ జవాబు వచ్చాకే మాట ఎంచుకోవాలి.

సంఘాల వారికి విన్నపం: ఈ వారమే పాత మెయిళ్లు ముందేసుకుని కూర్చోండి. మొదటి వరుసలో ‘దుబాయ్ పోయిండు’ రాసి, ఎదురుగా ‘ఏ దేశమో అడగాలి’ అని పెట్టండి.