రాలేనని చెప్పినా సంబంధం తెగదు

తిరుమణి సోలార్ పార్కులో పనిచేసే ఒక కంపెనీ మా పావగడ తాలూకా అమ్మాయికి ఇంటర్న్‌షిప్ ఇచ్చింది. జూన్ రెండో వారం నుంచి ఆరు వారాలు. ఆమెది ఎలక్ట్రికల్, ఆరో సెమిస్టరు. వీటీయూ పరీక్షలు సరిగ్గా అప్పుడే. "ఇప్పటికి సరే అను, తర్వాత చూసుకుందాం" అన్నారట ఇంట్లో. "జవాబే ఇవ్వకు, వాళ్ళే మర్చిపోతారు" అన్నారట కాలేజీలో ఒకరు. విన్నప్పటి నుంచీ నా ఒళ్ళు మండుతోంది. ఒప్పుకుని ఎగ్గొడితే ఆ చోటు ఇంకో పిల్లకూ దక్కదు, ఆ కాలేజీ నుంచి మళ్ళీ ఎవరినీ పిలవరు.

రెండు రోజుల్లోపే మెయిల్ పెట్టాలి. మొదటి వాక్యంలోనే కృతజ్ఞత చెప్పి, ఈసారి రాలేనని తేల్చేయాలి. "ప్రయత్నిస్తాను" అని రాస్తే అవతలివాళ్ళు ఎదురుచూస్తూ కూర్చుంటారు. కారణం ఒక్క వాక్యం చాలు: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పరీక్షలు. టైమ్‌టేబుల్ జతచేస్తే ఇక సాకు అనుకోరు. ఇంటి కష్టాలు ఏకరువు పెట్టనక్కర్లేదు.

అసలు బలం తర్వాతి వాక్యంలో ఉంది. వీటీయూ 2022 స్కీములో ఎనిమిదో సెమిస్టరుకు 14 నుంచి 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏడు, ఎనిమిది సెమిస్టర్లను కాలేజీలు అటూ ఇటూ మార్చుకోవచ్చు, కాబట్టి తమది ఎప్పుడో డిపార్ట్‌మెంటులో కనుక్కుని ఆ నెలలు రాయాలి. ఆరు వారాల్లో పని నేర్పి పంపేయడం కంపెనీకి భారమే. నాలుగు నెలలు ఉండే మనిషి అక్కరకొస్తుంది. ఇంటర్వ్యూలో ఇన్వర్టర్ల స్కాడా డేటా గురించి మాట్లాడారట, ఆ పనే చేస్తానని రాయమన్నాను.

జవాబులో ఒక మనిషి పేరో, ఒక నెలో ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. "టచ్‌లో ఉండండి" అని మాత్రమే వస్తే వేరేచోట కూడా అప్లై చేయాలి. ఫలితాలు వచ్చాక నాలుగు ముక్కల మెయిల్ ఒకటి, చేరదలచిన నెలకు మూడు నెలల ముందు మరొకటి. మధ్యలో ఊరికే గుడ్ మార్నింగ్‌లు పంపకూడదు.

ఇంతకీ ఈ పిల్ల ఎందుకు బతిమాలాలి? ఐదు ఊళ్ళ రైతులు సుమారు 13,000 ఎకరాలు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన కౌలుకు ఇచ్చారు. 2,050 మెగావాట్ల పార్కు లేచింది. మా పిల్లలకు దక్కింది ఎక్కువగా కాపలా, గడ్డి కోత, పలకలు కడగడం. కంట్రోల్ రూములో కూర్చునేది బయటివాళ్ళు. పార్కును నడిపే కేఎస్‌పీడీసీఎల్ ప్రతి కంపెనీ నుంచీ తాలూకా విద్యార్థులకు కొన్ని ఇంటర్న్‌షిప్పులు రాయించుకోవాలి, అవి పరీక్షలు అయిన మర్నాటి నుంచి మొదలయ్యేలా చూడాలి. భూమి తీసుకున్నప్పుడే ఒప్పందంలో ఉండాల్సిన మాట ఇది. ఇప్పుడైనా రాయించాలి.