సందేహం అడిగితే అవమానమా?

గ్రంథసూచిలో లోపాలు అడిగిన కాపీ ఎడిటరును "గణాలు తెలియనివారికి నా పుస్తకంతో పనేమి?" అని ఈసడించే పండితులు మనలో తక్కువ కాదు. రేనాటి భాషపై పుస్తకం వ్రాసిన ఒక మిత్రుడు తనకు వచ్చిన అట్టి లేఖను నాకు చూపి, తనవైపు సాక్ష్యం చెప్పమన్నాడు. చదివిన పిమ్మట నేను ఆ లేఖ పక్షమే వహించాను.

అందులో ఉన్నవి మూడే ప్రశ్నలు. మొదటిది లోపించిన వివరం. మా కమలాపురానికి దగ్గరి కలమళ్ల శాసనానికి ఆధారంగా "నీలకంఠశాస్త్రి, ఎపిగ్రాఫియా ఇండికా, 1948" అని మాత్రమే ఉన్నది. అది ఎన్నో సంపుటాల వరుస. సంపుటమూ, వ్యాసం పేరూ, పుటలూ లేకుంటే చదువరి ఎక్కడ వెదకాలి?

రెండవది పొంతన. పుస్తకం లోపల "నీలకంఠశాస్త్రి, వెంకటరామయ్య 1947" అని ఉన్నది. ఇవి రెండు వ్యాసాలా, ఒకటేనా? నిజానికి ఒకటే. 27వ సంపుటం మీద 1947-48 అని ఉండడం చేత ఒకచోట మొదటి ఏడు, మరొకచోట రెండవ ఏడు పడ్డాయి. జంట రచయితలలో ఒకరు జారిపోయారు.

మూడవది అసలు సందేహం. ఒక వేమన పద్యానికి "బ్రౌన్ 1829, పద్యం 911" అని ఆధారం. బ్రౌన్ 1829 కూర్పులో ఉన్నవి 693 పద్యాలే. 1839 నాటి రెండవ కూర్పులో 1164. ఆ కాపీ ఎడిటరుకు ఛందస్సు రాకపోవచ్చు, లెక్క వచ్చు.

"అట్లయితే 1839 అని దిద్దుకొని ఊరుకోరాదా?" అన్నాడు మిత్రుడు. ఊరుకోరాదు! వేమన పద్యాల సంఖ్యలు కూర్పు కూర్పుకూ మారుతాయి. 911 అన్నది తరువాతి ఏ ముద్రణ నుండి వచ్చిందో ఎవరికెరుక? సంవత్సరం మార్చితే పైకి పొంతన కుదురుతుంది, తప్పు మాత్రం లోపల దాగుతుంది. కనబడే తప్పు కంటె దాగిన తప్పు చెడ్డది. అందుకే ఆ లేఖ దిద్దలేదు, అడిగింది. జవాబు చెప్పవలసినవాడు పుస్తకం చేతబట్టిన రచయిత. ముఖపత్రం చూచి కూర్పు, పుట విప్పి సంఖ్య వ్రాయాలి. మూలం చూడక వేరొకరి వ్యాసం నుండి ఎత్తుకొని ఉంటే, ఆ వ్యాసాన్నే పేర్కొనాలి. అందులో చిన్నతనం లేదు. చూడని పుస్తకాన్ని చూచినట్లు చెప్పడంలో ఉన్నది.

లేఖలో నేనొప్పని మాట ఒకటున్నది. పట్టికలో నీలకంఠశాస్త్రిని "శాస్త్రి" క్రింద, శకారంలో చేర్చమన్నారు. శాస్త్రి ఇంటిపేరు కాదు; పాశ్చాత్యుల పద్ధతి మన పేర్లకు అతకదు. దానికి మిత్రుడు కారణం చూపి కాదనవచ్చు. మిగిలిన మూడింటికి కోపం జవాబు కాదు.

ఆ 911 ఎక్కడిదో ఆయన ఇంకా చెప్పలేదు. పద్యం వేమనదే కావచ్చు. 1829 నాటి కూర్పులో ఆ సంఖ్యతో ఉన్నదంటే మాత్రం నేనొప్పను.