తిట్టులో పొగడ్త… దానికి ప్రశ్నలు ఎలా తయారుచేయాలి?

పద్యం కింద వేసే ప్రశ్నల్లో సగానికి సగం పద్యం అర్థం కాకపోయినా జవాబు రాసేయగలిగేవే ఉంటాయని నా అభిప్రాయం. "ఈ పద్యంలో కవి ఎవరిని సంబోధించాడు?" "మకుటం ఏది?" "లక్ష్మి ఎవరి భార్య?" ఇలాంటివన్నమాట. పిల్లలు ప్రశ్నలో ఉన్న మాటను పద్యంలో వెతుక్కుని, దాని పక్కనున్న మాట ఎత్తి రాసేస్తారు. రెండుకి రెండు మార్కులూ పడతాయి. నీతి పద్యానికైతే ఈ పద్ధతి కొంతవరకు సరిపోతుందేమో గానీ, చెప్పేదొకటీ ధ్వనించేది ఇంకొకటీ అయిన పద్యానికి బొత్తిగా పనికిరాదు.

మా ఇబ్రహీంపట్నంలో సాయంత్రం పూట మా వరండాలో నలుగురైదుగురు పదో తరగతి పిల్లలు కూర్చుని తెలుగు చదువుకుంటారు. మా అమ్మాయి, దాని స్నేహితురాళ్ళు. పరీక్షలో చూడని పద్యం ఇచ్చి ప్రశ్నలడుగుతారు కదా, దానికి అలవాటు పడాలని వారానికో పద్యం తీసి నేనే ప్రశ్నలు రాసిస్తాను. ఈమధ్య తీసుకున్నది మన కృష్ణాజిల్లా శతకమే. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇక్కడ శ్రీకాకుళం అంటే ఉత్తరాంధ్ర జిల్లా కాదు, ఘంటసాల దగ్గర కృష్ణ ఒడ్డునున్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రాయమని స్వామి కలలో చెప్పాడంటారే, ఆ ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్నది అక్కడే. పురుషోత్తమకవి దివిసీమవాడు. రెండు వందల ఏళ్ళ పైమాటే. ఆ స్వామిని ఎదురుగా కూర్చోబెట్టుకుని సీసపద్యాల్లో ఎత్తిపొడుస్తూ పొగిడాడు. నిందాస్తుతి అంటారు దీన్ని.

నేను తీసుకున్న పద్యం సంగతి ఇదీ. నీ భార్య భూదేవి భారమంతా మోస్తోంది కాబట్టి నువ్వు అన్నిటినీ భరించేవాడివని పేరు తెచ్చుకున్నావు. ఇంకో భార్య లక్ష్మి సంపన్నురాలు కాబట్టి అడిగినవన్నీ ఇచ్చేవాడివన్నారు. కొడుకు బ్రహ్మ సృష్టి చేస్తుంటే పెద్ద సంసారం గలవాడివన్న గొప్ప నీకొచ్చింది. కూతురు గంగ పాపాలు కడుగుతుంటే పాపుల్ని పావనం చేసేవాడివన్న కీర్తీ నీకే వచ్చింది. ఇదంతా పెళ్ళాలూ పిల్లలూ తెచ్చిపెట్టిన పేరే గానీ, మొదట్నుంచీ నువ్వు ఉత్త దామోదరుడివే కదా! అంటాడు.

చదవగానే నాకు నవ్వొచ్చింది. మన ఇళ్ళల్లో పెళ్ళిపందిట్లో బావగారిని పట్టుకుని "ఏమండోయ్, మా అక్క లేకపోతే మీ సంగతేంటి?" అని ఆటపట్టించే గొంతే అది. ఆ గొంతు వినపడకపోతే ఈ పద్యంలో మిగిలేది నలుగురు బంధువుల జాబితా.

ఇక ప్రశ్నల సంగతి. మార్కెట్లో దొరికే ఒక గైడులో ఇదే పద్యం కింద నాలుగు ప్రశ్నలున్నాయి. విష్ణువు భార్యలెవరు, కొడుకెవరు, కూతురెవరు, మకుటం ఏది. నాలుగింటికీ సరిగ్గా రాసిన మా అమ్మాయి స్నేహితురాల్ని "ఇంతకీ కవికి దేవుడంటే ఇష్టమా, కోపమా?" అని అడిగితే, "కోపమే కదా ఆంటీ, ఏ పనీ చేయడంటున్నాడుగా" అంది. నాలుగు మార్కులూ వచ్చాయి, పద్యం మాత్రం పిల్లకు అందలేదు.

నేను చేసే పద్ధతి చెప్తాను. ప్రశ్న రాయకముందే పద్యాన్ని రెండుసార్లు పైకి చదువుతాను, ఒకసారి నిజంగా కోప్పడుతున్నట్టు, ఇంకోసారి నవ్వుతూ. ఏ గొంతు అతుకుతుందో, ఎక్కడ గొంతు మారాలో చెవికే తెలిసిపోతుంది. సీసంలో ఇది పట్టుకోవడం తేలికే. పైన నాలుగు పెద్ద పాదాలూ ఒకే తూగులో నడుస్తాయి, కింద చిన్న గీతపద్యం వస్తుంది. ఈ పద్యంలో కవి నాలుగు పాదాల్లో ఒక్కో మనిషినీ నింపాదిగా తెచ్చి నిలబెట్టి, గీతంలోకి రాగానే మాట తిప్పేశాడు. ఆ మలుపు దగ్గరే నా ముఖ్యమైన ప్రశ్న ఉండాలని గుర్తు పెట్టుకుంటాను.

తర్వాత చిత్రం. కవి విష్ణువుకు శంఖచక్రాలిచ్చి వైకుంఠంలో కూర్చోబెట్టలేదు. ఒక ఇంటి యజమానిగా చూపించాడు. కాబట్టి "భూదేవి ఎవరు?" అని కాకుండా, "ఈ ఇంట్లో ఎవరెవరున్నారు, ఒక్కొక్కరు చేసే పనేమిటి, ఆ పనివల్ల యజమానికి వచ్చిన పేరేమిటి?" అని మూడు గడుల పట్టిక గీయమన్నాను. ఇది పద్యంలో చూసి రాసేదే, తేలికే. అసలు ప్రశ్న దాని వెనకాల ఉంది. "యజమాని స్వయంగా చేసే పని కవి ఏం చెప్పాడు?" పిల్లలు పద్యమంతా వెతికారు. లేదు! చెప్పలేదు! ఎత్తి రాయడానికి మాట దొరకని చోటే పిల్లలు ఆలోచించడం మొదలుపెడతారు. "ఏమీ చెప్పలేదు ఆంటీ, అదే ఎత్తిపొడుపు" అని ఒక పిల్ల అంది.

కష్టపదాలకు అర్థాలివ్వడంలో ఒక చిక్కుంది. మిగతా మాటలకు అర్థం ఇచ్చేశాను, పదోతరగతి పిల్లలకు ఆ సమాసాలు తెలియవు కదా. దామోదరుడు దగ్గర ఆగాను. "విష్ణువు" అని అర్థమిస్తే చమత్కారం చచ్చిపోతుంది. "పొట్టకు తాడు కట్టించుకున్నవాడు" అని ఇస్తే జవాబు నేనే చెప్పేసినట్టు. అందుకని అర్థం ఇవ్వకుండా కథ ఇచ్చాను. చిన్నప్పుడు కృష్ణుడు అల్లరి చేస్తే యశోద నడుముకు తాడు వేసి రోటికి కట్టేసింది, దామం అంటే తాడు, ఉదరం అంటే పొట్ట, అని. మిగతాది వాళ్ళనే అల్లుకోమన్నాను.

ఆ తర్వాత ప్రశ్న: "పైన చెప్పిన నాలుగు పేర్లకూ, చివర చెప్పిన ఈ పేరుకూ తేడా ఏమిటి?" నాలుగూ ఇంట్లోవాళ్ళు తెచ్చిన గొప్ప పేర్లు, ఇదొక్కటే ఆయన సొంతంగా సంపాదించుకున్నది, అదీ అమ్మచేత కట్టించుకుని! ఇక్కడిదాకా వస్తే ఎత్తిపొడుపు అర్థమైనట్టే. ఇంకొక్క అడుగు వేయించొచ్చు. "తాడు వేసిందెవరు? ఆయన ఎందుకు కట్టించుకున్నాడు?" లోకాలన్నీ పొట్టలో ఉన్నవాడు తల్లికి లొంగాడంటే అది తిట్టా, పొగడ్తా? అసలు భూమి భార్య, బ్రహ్మ కొడుకు అని చెప్పడమే ఎంత పెద్ద పొగడ్త! అది కవి చెప్పకుండా పిల్లల నోటే రావాలి.

అందుకే "ఈ నిందాస్తుతిలో కవి విష్ణువును ఎలా పొగిడాడు?" అని అడగకూడదంటాను. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగినట్టవుతుంది. "కవి దేవుణ్ణి పొగిడాడా, తిట్టాడా?" అని రెండే ముక్కలిచ్చి ఒకటి ఎంచుకోమనడం కూడా తప్పే, ఎందుకంటే ఇక్కడ రెండూ నిజమే. "కవి ఏ గొంతుతో మాట్లాడుతున్నాడో మీ మాటల్లో చెప్పి, అలా అనిపించిన మాట పద్యంలోంచి చూపించండి" అని అడగాలి. ఒక మార్కు గొంతు పేరుకి, ఒక మార్కు చూపించిన ఆధారానికి. వేళాకోళం, చనువు, ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు… ఏది రాసినా నేను మార్కు వేస్తాను. కోపం అని రాసి చివరిమాట చూపించిన పిల్లకు ఆధారం మార్కు వేసి, పద్యం ఇంకోసారి పైకి చదివిస్తాను. "కవి భక్తిని చాటాడు" అని ఊరుకుంటే మాత్రం సున్నా. ఆ జవాబు ఏ శతకంలో ఏ పద్యానికైనా అతుకుతుంది మరి.

ఈ విషయంలో నాకు కొంచెం కడుపుమంట కూడా ఉంది. మా వరండా పిల్లల్లో ఒకమ్మాయి ఇలాంటి పద్యానికే బయట ట్యూషన్ పరీక్షలో "కవి నవ్వుతూ తిడుతున్నాడు, బాగా దగ్గరవాళ్ళనే అలా తిడతాం" అని రాసింది. కీలో "భక్తి" అని ఉందట, కొట్టేశారు. ఆ పిల్ల మర్నాడు నా దగ్గరికి వచ్చి "ఇకనుంచి భక్తి అనే రాసేస్తా ఆంటీ" అంది. పద్యం అందిన ఒకే ఒక్క పిల్లకు, అందనట్టు రాయమని మనమే నేర్పిస్తున్నాం.

పిల్లలు గొంతు గురించి రాసేటప్పుడు "నువ్వు అన్నాడు కాబట్టి చనువు" అని కూడా రాస్తారు. ఇది జాగ్రత్తగా చూడాలి. మన పద్యాల్లో దేవుణ్ణి అందరూ నువ్వనే అంటారు, భయంతో వేడుకునేవాళ్ళు కూడా. కాబట్టి అదొక్కటే ఆధారంగా ఒప్పుకోకూడదు. మొదట్నుంచీ నువ్వింతే అనడం, పెళ్ళాంపిల్లల పేరెత్తడం… ఇవీ చనువుకు ఆధారాలు.

ఇంకో పద్యం, పాట పక్కన పెడితే గొంతు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. రామదాసు గోలకొండ చెరలో ఉండి, చేయించిన నగలన్నీ లెక్కపెట్టి రాముణ్ణి కడిగేస్తాడు కదా. ఆ కీర్తన మా పిల్లలందరికీ తెలుసు. "ఇద్దరూ దేవుణ్ణి తిట్టారు. ఇద్దరి తిట్లూ ఒకటేనా?" అని అడిగాను. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "రామదాసుకి దెబ్బలు తగులుతున్నాయమ్మా, ఈయన హాయిగా గుళ్ళో కూర్చుని ఆటపట్టిస్తున్నాడు" అంది. రామదాసు చివరికి, దెబ్బలకోర్వలేక తిట్టాను, కోపం తెచ్చుకోకు స్వామీ అని వేడుకుంటాడు. పురుషోత్తమకవికి ఈ పద్యంలో ఆ క్షమాపణ అవసరమే పడలేదు. ఈ తేడాను ఆధారంతో రాసిన పిల్లకు నేను రెండు కాదు, నాలుగు మార్కులు వేశాను.

ఒక పద్యానికి నాలుగైదు ప్రశ్నలు మించకూడదని కూడా అనుకుంటాను. ఒకటి చూసి రాసేది, రెండు చిత్రం గురించి, ఒకటి గొంతు గురించి. పదేసి ప్రశ్నలిస్తే పిల్లలు పద్యం చదవడం మానేసి ప్రశ్నలే చదువుతారు. వచ్చేవారం అదే శతకంలోంచి ఇంకో పద్యం తీయాలి. ఈసారి ప్రశ్నలు పిల్లల్నే రాయమన్నాను. ఒకరు రాసినవాటికి ఇంకొకరు జవాబు రాయాలి, పద్యంలో మాట ఎత్తి రాస్తే సరిపోయే ప్రశ్న ఒకటి కంటే ఎక్కువ ఉండకూడదు అని షరతు పెట్టాను. అప్పుడే దెబ్బలాట మొదలైంది, "నీ ప్రశ్నలో జవాబు ఉంది" "నీ ప్రశ్నలో లేదా?" అని.